మొదటి చెల్లింపు ఎప్పుడు? యాన్యుటీ, పర్పెట్యుటీ లెక్కల్లో కాలం తప్పకుండా జవాబు రాబట్టడం ఎలా

కార్పొరేట్ ఫైనాన్స్ క్విజ్‌లో డబ్బు కాలవిలువ మీద వచ్చే ప్రశ్నలకు అవసరమైన సూత్రాలు నాలుగైదుకు మించవు, వాటిని చాలామంది విద్యార్థులు కంఠస్థం చేసే వస్తారు. అయినా జవాబులు తప్పుతూనే ఉంటాయి. సూత్రంలో అంకెలు సరిగానే వేసి, అది ఇచ్చిన విలువ ఏ తేదీ నాటిదో చూసుకోకపోవడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. అందువల్ల ఇక్కడ సూత్రాలన్నిటినీ వరుసగా చెప్పడం కంటే, ఒకే ప్రశ్నను తీసుకొని, దాని షరతులను ఒక్కొక్కటిగా మారుస్తూ, ప్రతిసారీ విలువ కాలరేఖ మీద ఎక్కడ నిలుస్తుందో చూపిస్తాను.

ప్రశ్న ఇది. ఒక ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థి తన కళాశాలలో ఒక స్కాలర్‌షిప్ నెలకొల్పాలనుకున్నారు. మొదటి స్కాలర్‌షిప్‌ను నేటి నుంచి 5వ సంవత్సరం చివర ఇవ్వాలి, ఆ తరువాత ఏటా అదే మొత్తాన్ని శాశ్వతంగా ఇస్తూ ఉండాలి. స్కాలర్‌షిప్ విలువ ఏటా రూ. 60,000, వడ్డీ రేటు సంవత్సరానికి 8 శాతం. ఈ నిధి కోసం ఆయన నేడు ఎంత జమ చేయాలి? ఇచ్చిన ఐచ్ఛికాలు నాలుగు: రూ. 5,10,437, రూ. 5,51,272, రూ. 5,95,374, రూ. 7,50,000.

మొదటి మెట్టు: కాలరేఖ గీసి, ప్రశ్నలోని మాటలను అంకెలుగా మార్చండి

కాగితం మీద ఒక అడ్డగీత గీసి, ఎడమ చివర 0 అని, అక్కడి నుంచి కుడివైపుకు 1, 2, 3 అని గుర్తులు పెట్టండి. 0 అంటే నేడు, 1 అంటే సరిగ్గా ఒక సంవత్సరం తరువాతి క్షణం. ఈ గుర్తులు కాలంలోని క్షణాలే తప్ప సంవత్సరాలు కావని గ్రహించడం ముఖ్యం. మొదటి సంవత్సరం అనేది 0కు, 1కి మధ్య ఉన్న ఖాళీ. అందువల్ల 5వ సంవత్సరం చివర అంటే 5 అనే గుర్తు, 5వ సంవత్సరం ప్రారంభం అంటే 4 అనే గుర్తు. నాలుగో సంవత్సరం చివర అన్నా, ఐదో సంవత్సరం ప్రారంభం అన్నా లెక్కలో ఒకే క్షణం. ప్రశ్న రాసేవారు ఈ రెండు మాటలను కావాలనే మార్చి మార్చి వాడతారు కనుక, ప్రశ్న చదివిన వెంటనే మాటను గుర్తుగా మార్చి గీత మీద వేసుకోండి, ఆ తరువాత మళ్లీ మాటల వైపు చూడవలసిన అవసరం ఉండదు.

మన ప్రశ్నలో 5, 6, 7 గుర్తుల దగ్గర, ఆపైన అంతం లేకుండా ప్రతి గుర్తు దగ్గరా రూ. 60,000 ఉంటుంది. 1 నుంచి 4 వరకు ఏమీ ఉండదు.

రెండో మెట్టు: సూత్రం ఇచ్చే విలువ ఎక్కడిదో గుర్తించండి

శాశ్వతంగా సాగే సమాన చెల్లింపుల శ్రేణిని పర్పెట్యుటీ అంటారు. దాని సూత్రం చాలా చిన్నది.

```
PV = C / r
```

ఇక్కడ C ప్రతిసారీ చెల్లించే మొత్తం, r ఒక కాలవ్యవధికి వడ్డీ రేటు. ఈ సూత్రం ఎందుకు నిజమో తెలిస్తే, అది ఏ తేదీకి వర్తిస్తుందో దానంతటదే తెలుస్తుంది. రూ. 7,50,000 బ్యాంకులో ఉంటే, 8 శాతం చొప్పున ఒక సంవత్సరానికి రూ. 60,000 వడ్డీ వస్తుంది. ఆ వడ్డీని స్కాలర్‌షిప్‌గా ఇచ్చివేస్తే అసలు చెక్కుచెదరదు, మరుసటి సంవత్సరం మళ్లీ రూ. 60,000 వస్తుంది. అయితే మొదటి వడ్డీ చేతికి రావాలంటే డబ్బు ఒక సంవత్సరం ముందే ఖాతాలో ఉండాలి. అంటే C / r ఇచ్చే మొత్తం మొదటి చెల్లింపుకు సరిగ్గా ఒక కాలవ్యవధి ముందు ఉండవలసిన మొత్తం. మొదటి చెల్లింపు 1 దగ్గర ఉంటే ఆ విలువ 0 దగ్గరిది, 5 దగ్గర ఉంటే 4 దగ్గరిది.

పరీక్షలో తడబాటు ఇక్కడే వస్తుంది. సూత్రానికి వర్తమాన విలువ అని పేరు ఉండడం వల్ల, అది ఎల్లప్పుడూ నేటి విలువనే ఇస్తుందని విద్యార్థులు అనుకుంటారు. సూత్రానికి నేడు ఏదో తెలియదు, మొదటి చెల్లింపు ఎక్కడుందో దానికి ఒక అడుగు వెనక్కి వెళ్లి నిలబడడమే దాని పని.

కాబట్టి మన ప్రశ్నలో రూ. 7,50,000 అనేది 4 అనే గుర్తు దగ్గరి విలువ. గీత మీద 4 కింద ఆ అంకె రాసి, చుట్టూ గుండ్రంగా గీత గీయండి.

మూడో మెట్టు: అక్కడి నుంచి నేటికి తీసుకురండి

4 నుంచి 0కు రావడానికి నాలుగు సంవత్సరాల డిస్కౌంటింగ్ చాలు. 1.08ని నాలుగుసార్లు గుణిస్తే 1.360489 వస్తుంది. రూ. 7,50,000ను దానితో భాగిస్తే రూ. 5,51,272 వస్తుంది, ఇదే సరైన జవాబు.

మిగిలిన మూడు ఐచ్ఛికాలు ఎక్కడివో చూస్తే ప్రశ్నపత్రం రాసినవారి ఆలోచన అర్థమవుతుంది. రూ. 7,50,000 అనేది సూత్రం దగ్గరే ఆగిపోయిన విద్యార్థి కోసం పెట్టినది. రూ. 5,10,437 అనేది మొదటి చెల్లింపు ఐదో సంవత్సరంలో ఉంది కనుక ఐదు సంవత్సరాలు వెనక్కి తెచ్చిన విద్యార్థి కోసం పెట్టినది. పొరపాట్లన్నిటిలోకీ తరచుగా కనిపించేది ఇదే. రూ. 5,95,374 మూడు సంవత్సరాలే వెనక్కి తెచ్చినప్పుడు వస్తుంది. అయితే ఈ చివరి అంకె పూర్తిగా అర్థం లేనిది కాదు. ప్రశ్నలో ఐదో సంవత్సరం చివర అనే మాట బదులు ఐదో సంవత్సరం ప్రారంభంలో అని ఉంటే, మొదటి చెల్లింపు 4కు, సూత్రం విలువ 3కు జరుగుతాయి, అప్పుడు సరైన జవాబు అదే అవుతుంది. ఒక్క మాట తేడాతో జవాబు రూ. 44,000కు పైగా మారిపోతోంది.

మీ జవాబును సరిచూసుకోవడానికి మరో దారి ఉంది, అదే యాన్యుటీ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతుంది. స్కాలర్‌షిప్ 5 దగ్గర కాకుండా 1 దగ్గరే మొదలైందని అనుకోండి. అప్పుడు దాని నేటి విలువ రూ. 7,50,000. అందులో 1, 2, 3, 4 గుర్తుల దగ్గర ఇవ్వని నాలుగు చెల్లింపుల విలువను తీసివేస్తే మనకు కావలసింది మిగులుతుంది. ఆ నాలుగు చెల్లింపులే యాన్యుటీ, అంటే నిర్ణీత కాలం పాటు సమాన వ్యవధుల్లో సాగే సమాన మొత్తాల శ్రేణి.

```
PV = (C / r) × [1 − 1 / (1 + r)^n]
```

నాలుగు సంవత్సరాలకు 8 శాతం దగ్గర, ఈ సూత్రంలో C బదులు 1 వేస్తే వచ్చే గుణకం 3.312127, దానిని 60,000తో గుణిస్తే రూ. 1,98,728 వస్తుంది. రూ. 7,50,000 నుంచి దానిని తీసివేస్తే మళ్లీ రూ. 5,51,272 వస్తుంది. ఈ సూత్రాన్ని తేరిపార చూస్తే, అది నేడు కొన్న ఒక పర్పెట్యుటీలో నుంచి n సంవత్సరాల తరువాత అమ్మివేసిన మరో పర్పెట్యుటీని తీసివేయడమే. పరీక్ష గదిలో యాన్యుటీ సూత్రం మరచిపోయినా ఈ తీసివేత గుర్తుంటే దానిని తిరిగి రాసుకోవచ్చు. యాన్యుటీకి కూడా ముందు చెప్పిన నియమమే వర్తిస్తుంది: గుణకం ఇచ్చే విలువ మొదటి చెల్లింపుకు ఒక వ్యవధి ముందుది.

నాలుగో మెట్టు: శాశ్వతం కాకుండా కొన్నేళ్లకే అయితే

దాత మనసు మార్చుకొని, స్కాలర్‌షిప్‌ను 25 సార్లు మాత్రమే ఇస్తే చాలన్నారని అనుకుందాం. మొదటిది 5 దగ్గర, చివరిది 29 దగ్గర ఉంటుంది. 29లో నుంచి 5 తీసివేసి 24 అని రాసుకోవడం ఇక్కడ జరిగే పొరపాటు. రెండు చివరలనూ కలుపుకొని లెక్కిస్తే చెల్లింపులు 25. గుణకం 10.674776 కనుక 4 దగ్గరి విలువ రూ. 6,40,487, నేటి విలువ రూ. 4,70,777.

ఈ అంకెను శాశ్వత నిధితో పోల్చి చూడండి. రెండింటి మధ్య తేడా సుమారు రూ. 80,500 మాత్రమే. ఇరవై ఐదు చెల్లింపుల తరువాత అంతం లేకుండా సాగే స్కాలర్‌షిప్‌లన్నిటికీ కలిపి నేటి ఖర్చు అంతే. చాలా దూరాన ఉన్న డబ్బుకు నేటి విలువ ఎంత వేగంగా కరిగిపోతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించే లెక్క నాకు తెలియదు. క్విజ్‌లో దీని వల్ల ఒక ప్రయోజనం ఉంది. ఒకే చెల్లింపుతో, ఒకే రేటుతో ఉన్న దీర్ఘకాల యాన్యుటీ విలువ పర్పెట్యుటీ విలువ కంటే కొంత తక్కువగానే ఉండాలి. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పు జరిగినట్లే.

శాశ్వతంగా చెల్లించే పత్రాలు పాఠ్యపుస్తకాల్లో మాత్రమే ఉండవు. బ్రిటిష్ ప్రభుత్వం 18వ శతాబ్దంలో జారీ చేయడం మొదలుపెట్టిన కన్సోల్స్ అనే బాండ్లకు అసలు తిరిగి చెల్లించే తేదీ అంటూ ఉండేది కాదు, వడ్డీ మాత్రం కొనసాగుతూనే ఉండేది. అయితే తనకు వీలైనప్పుడు అసలు చెల్లించి వాటిని రద్దు చేసుకునే హక్కు ప్రభుత్వానికి ఉండేది, ఆ హక్కుతోనే 2015లో చివరివాటిని కూడా తీర్చివేసింది. C / r సూత్రంలో అటువంటి హక్కుకు చోటు లేదు, రేటు ఎప్పటికీ మారదన్న ఊహ కూడా అందులో ఉంది. మన ఉదాహరణలో రేటు 8 నుంచి 7 శాతానికి తగ్గితే రూ. 7,50,000 కాస్తా సుమారు రూ. 8,57,000 అవుతుంది.

ఐదో మెట్టు: ఒకేసారి కాకుండా వాయిదాల్లో జమ చేస్తే

ఇప్పుడు ప్రశ్న రెండో భాగం. దాత నేడు ఒకేసారి రూ. 5,51,272 ఇవ్వలేరు, దానికి బదులు 1, 2, 3, 4 గుర్తుల దగ్గర నాలుగు సమాన వాయిదాల్లో జమ చేస్తారు. ఒక్కో వాయిదా ఎంత?

ఇక్కడ లక్ష్యం 4 దగ్గర రూ. 7,50,000 సిద్ధంగా ఉండడం. భవిష్యత్ విలువ సూత్రం ఇది:

```
FV = C × [(1 + r)^n − 1] / r
```

వర్తమాన విలువ సూత్రం మొదటి చెల్లింపుకు ఒక అడుగు ముందు నిలబడితే, ఈ సూత్రం చివరి చెల్లింపు జరిగే క్షణంలోనే నిలబడుతుంది. చివరి వాయిదా 4 దగ్గరే పడుతుంది కనుక దానికి వడ్డీ రాదు, మన లక్ష్యం కూడా 4 దగ్గరే ఉంది కనుక మరి ఎటూ జరపనవసరం లేదు. గుణకం 4.506112, కాబట్టి వాయిదా రూ. 1,66,441.

వాయిదాలు నేడే మొదలై 0, 1, 2, 3 దగ్గర పడితే సూత్రం 3 దగ్గర నిలుస్తుంది. దానిని ఒక సంవత్సరం ముందుకు, 4కు, తీసుకుపోవాలి కనుక గుణకాన్ని మరోసారి 1.08తో గుణించాలి. వాయిదా రూ. 1,54,112కు తగ్గుతుంది. ఇలా వ్యవధి ప్రారంభంలో చెల్లించే శ్రేణిని యాన్యుటీ డ్యూ అంటారు. దానికి వేరే సూత్రం నేర్చుకోనవసరం లేదు, మామూలు యాన్యుటీ విలువను (1 + r)తో గుణించితే సరిపోతుంది. వర్తమాన విలువ అయినా, భవిష్యత్ విలువ అయినా, గుణించడమే తప్ప భాగించడం ఉండదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ ప్రతి రూపాయి ఒక వ్యవధి ముందే చేతులు మారుతోంది. అద్దెలు, లీజు చెల్లింపులు, బీమా ప్రీమియంలు సాధారణంగా ముందుగానే కడతారు కనుక, ఆ మాటలు ప్రశ్నలో కనిపించినప్పుడు గీత మీద 0 దగ్గర చెల్లింపు ఉందో లేదో తప్పక చూడండి.

ఆరో మెట్టు: చెల్లింపు ఏటా పెరుగుతూ ఉంటే

కళాశాల ఫీజులు పెరుగుతాయి కనుక స్కాలర్‌షిప్‌ను కూడా ఏటా 3 శాతం పెంచాలని దాత కోరారు. మొదటిది మాత్రం 5 దగ్గర రూ. 60,000గానే ఉంటుంది.

```
PV = C1 / (r − g)
```

ఇక్కడ C1 మొదటి చెల్లింపు, g ఏటా పెరుగుదల రేటు. 8లో నుంచి 3 పోగా 5 శాతం, కాబట్టి 4 దగ్గరి విలువ రూ. 12,00,000, నేటి విలువ రూ. 8,82,036. ఇది నిజంగా సరిపోతుందా అనేది ఒక్క సంవత్సరం నడిపి చూస్తే తెలుస్తుంది. రూ. 12,00,000 మీద వడ్డీ రూ. 96,000 వస్తుంది, అందులో స్కాలర్‌షిప్‌కు రూ. 60,000 పోతే రూ. 36,000 మిగిలి అసలులో కలుస్తుంది, నిధి రూ. 12,36,000 అవుతుంది. అది సరిగ్గా 3 శాతం పెరుగుదల. మరుసటి సంవత్సరం స్కాలర్‌షిప్ కూడా 3 శాతం పెరిగి రూ. 61,800 అవుతుంది. నిధి, చెల్లింపు ఒకే వేగంతో పెరుగుతున్నాయి కనుక ఈ ఏర్పాటు ఎప్పటికీ తరిగిపోదు. పెరుగుదల రేటు వడ్డీ రేటుకు సమానమైనా, దానిని మించినా ఈ సూత్రం పనికిరాదని కూడా ఇందులోనే కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు వడ్డీ మొత్తాన్నీ అసలులోనే కలపవలసి వస్తుంది, ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఈ సూత్రంలో పైన ఉండేది రాబోయే మొదటి చెల్లింపు. షేర్ల విలువ కట్టే ప్రశ్నల్లో కంపెనీ ఇప్పుడే చెల్లించిన డివిడెండ్‌ను ఇచ్చి, దాని పెరుగుదల రేటు చెబుతారు. అటువంటప్పుడు చెల్లించేసిన డివిడెండ్‌ను (1 + g)తో గుణించి, వచ్చినదానిని పైన వేయాలి. ఇప్పుడే చెల్లించిన, రాబోయే సంవత్సరంలో అంచనా వేసిన అనే మాటల కింద గీత గీసుకోండి, ఈ రకం ప్రశ్నలో మెలిక సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఏడో మెట్టు: రేటును, వ్యవధిని జత చేయండి

ఇంతవరకు అన్నీ సంవత్సరాల లెక్కలే. చెల్లింపులు నెలకో, ఆరు నెలలకో జరిగితే గీత మీద ఒక్కో అడుగు ఒక నెల లేదా ఆరు నెలలు కావాలి, r కూడా అదే వ్యవధికి చెందిన రేటు కావాలి.

గృహరుణం వాయిదాను ఉదాహరణగా తీసుకోండి. రూ. 10,00,000 రుణం, సంవత్సరానికి 9 శాతం, ప్రతి నెలా లెక్కించే వడ్డీ, 20 సంవత్సరాలు. నెల రేటు 0.75 శాతం, నెలలు 240, వాయిదా రూ. 8,997. సంవత్సరపు వాయిదాను కనుక్కొని పన్నెండుతో భాగించినవారికి రూ. 9,129 వస్తుంది. అది తప్పు, ఎందుకంటే ఆ లెక్కలో రుణగ్రహీత డిసెంబరు దాకా ఏమీ కట్టలేదన్న ఊహ ఉంది, నిజానికి ఆయన ప్రతి నెలా కొంత అసలు తీరుస్తూ వచ్చారు. ఇదే రుణంలో ఐదేళ్ల తరువాత ఎంత బాకీ ఉందని అడిగితే, అరవై నెలల పట్టిక వేయవద్దు. మిగిలిన 180 వాయిదాల వర్తమాన విలువే ఆ రోజు బాకీ, అది సుమారు రూ. 8,87,000. అరవై వాయిదాల్లో దాదాపు రూ. 5,40,000 కట్టినా అసలులో తీరింది రూ. 1,13,000 మాత్రమే.

ప్రశ్నలో 8 శాతం అని ఉన్నప్పుడు అది ఏ 8 శాతమో కూడా చూడాలి. మన స్కాలర్‌షిప్‌ను ఆరు నెలలకు రూ. 30,000 చొప్పున ఇస్తే, వడ్డీ అర్ధ సంవత్సరానికి ఒకసారి కలిపే 8 శాతం అయినప్పుడు ఆరు నెలల రేటు 4 శాతం, నిధి రూ. 7,50,000. అలా కాక 8 శాతం అనేది వాస్తవ వార్షిక రేటు అని చెబితే, ఆరు నెలల రేటు 1.08 వర్గమూలంలో నుంచి 1 తీసివేయగా వచ్చే 3.923 శాతం, నిధి రూ. 7,64,711. ఈ రెండు విలువలూ మొదటి చెల్లింపుకు ఒక సంవత్సరం ముందువి కావు, ఆరు నెలల ముందువి. మొదటి చెల్లింపు 5వ సంవత్సరం చివర ఉంటే సూత్రం నాలుగున్నర సంవత్సరాల దగ్గర నిలుస్తుంది, అక్కడి నుంచి నేటికి ఆరు నెలల అడుగులు తొమ్మిది.

కాలిక్యులేటర్, ఎక్సెల్ వాడేటప్పుడు

ఎక్సెల్‌లో నాలుగేళ్ల యాన్యుటీకి, అదే మొత్తం వ్యవధి ప్రారంభంలో పడే యాన్యుటీ డ్యూకు, గృహరుణ వాయిదాకు ఇలా రాయాలి:

```
=PV(0.08,4,-60000)
=PV(0.08,4,-60000,0,1)
=PMT(0.09/12,240,-1000000)
```

మొదటిది 1,98,728, రెండోది 2,14,626, మూడోది 8,997 ఇస్తాయి. లోపలికి వచ్చే డబ్బుకు, బయటికి పోయే డబ్బుకు గుర్తులు వేర్వేరుగా ఉండాలి కనుకనే మైనస్ పెట్టాం, అది లేకపోతే జవాబు మైనస్‌లో వస్తుంది. రెండో వరుస చివరి 1 చెల్లింపు ప్రారంభంలో ఉందని చెబుతుంది. ఫైనాన్షియల్ కాలిక్యులేటర్‌లో ఈ పని BGN అనే అమరిక చేస్తుంది. ముందటి ప్రశ్న కోసం దానిని పెట్టి తీసివేయడం మరచిపోతే తరువాత కనుక్కునే యాన్యుటీ విలువలన్నీ సరిగ్గా (1 + r) రెట్లు వస్తాయి, వాయిదాలైతే అదే నిష్పత్తిలో తగ్గి వస్తాయి. మీ జవాబుకు, ఐచ్ఛికాల్లోని ఒక అంకెకు మధ్య నిష్పత్తి సరిగ్గా 1.08 అని కనిపిస్తే సూత్రాన్ని అనుమానించకండి, ముందుగా తెర మీద BGN ఉందేమో, ఆ తరువాత గీత మీద మొదటి చెల్లింపు గుర్తు ఎక్కడుందో చూడండి.